గేమింగ్ తెరగా టెలివిజన్

గేమ్ కన్సోల్‌నో కంప్యూటర్‌నో ఇంట్లోని టెలివిజన్‌కు కలిపి, ఆ టీవీనే ఆట తెరగా వాడుకునే పద్ధతిని, దానికి కావలసిన అమరికలను ఈ వ్యాసం వివరిస్తుంది. టీవీ తయారైంది ముందుగానే సిద్ధమైన దృశ్యాలను చూపడానికి. సినిమా గానీ సీరియల్ గానీ పదో వంతు సెకను ఆలస్యంగా తెర మీదికి వచ్చినా చూసేవారికి తేడా తెలియదు, ఎందుకంటే మాటను కూడా టీవీ అంతే ఆలస్యం చేసి బొమ్మతో కలుపుతుంది. ఆటలో అలా కుదరదు. ఆటగాడు బటన్ నొక్కాక దాని ఫలితం తెర మీద కనిపించాలి, కనిపించినదాన్ని బట్టి మళ్లీ నొక్కాలి. ఈ వలయంలో టీవీ కలిపే జాప్యాన్ని ఇన్‌పుట్ లాగ్ అంటారు.

ఆట కోసం టీవీలో సరిచూసుకోవలసినవి నాలుగు: గేమ్ మోడ్, మోషన్ స్మూతింగ్, హెచ్‌డీఎంఐ సామర్థ్యం, క్రోమా సబ్‌శాంప్లింగ్. మొదటి రెండూ టీవీ లోపల జరిగే పనికి సంబంధించినవి. తక్కిన రెండూ టీవీ దాకా ఏ సిగ్నల్ వచ్చి చేరుతోందన్నదానికి సంబంధించినవి. లోపలి జాప్యం చేతికి తెలిసిపోతుంది. సిగ్నల్‌లో జరిగే నష్టం అలా తెలియదు, ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోగలదు. అందుకే ఈ వ్యాసంలో ఆ భాగానికి ఎక్కువ చోటు ఇచ్చాం.

చరిత్ర

ఇంటి టీవీకి కలిపి ఆడే మొదటి కన్సోల్ మాగ్నావాక్స్ ఒడిస్సీ 1972లో అమెరికాలో వచ్చింది. అప్పటి టీవీలన్నీ పిక్చర్ ట్యూబువే. వాటిలో బొమ్మను దాచుకునే మెమరీ లేదు. సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే ఎలక్ట్రాన్ పుంజం పై గీత నుంచి కింది గీత దాకా తెర మీద గీసుకుంటూ పోయేది. అందువల్ల ఇన్‌పుట్ లాగ్ అనే సమస్యే తలెత్తలేదు.

ఆ కచ్చితత్వం మీద ఆధారపడే కొన్ని ఆటలు పుట్టాయి. 1984లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఆట ‘డక్ హంట్’కు ఒక ప్లాస్టిక్ తుపాకీ ఉండేది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరిసేది. తుపాకీ గొట్టంలోని కాంతి సెన్సర్ ఆ మెరుపును సరిగ్గా ఆ ఫ్రేములోనే పసిగడితే గురి తగిలినట్టు లెక్క. అదే తుపాకీని నేటి ఎల్‌సీడీ టీవీ ముందు పెడితే పనిచేయదు. చదరం తెర మీదికి వచ్చేసరికి కన్సోల్ దాని కోసం ఎదురుచూడటం మానేసి ఉంటుంది. పాత టీవీకీ కొత్త టీవీకీ మధ్య కాలం విషయంలో వచ్చిన మార్పును ఇంతకంటే స్పష్టంగా చూపే పరికరం మరొకటి లేదు.

2000ల మధ్యలో ఎల్‌సీడీ, ప్లాస్మా టీవీలు ఇళ్లలోకి వచ్చాయి. వీటి పిక్సెళ్ల సంఖ్య స్థిరం కాబట్టి, వచ్చిన ప్రతి బొమ్మనూ ఆ కొలతకు సరిపడేలా మార్చడం తప్పనిసరైంది. దానితో ఆలస్యమూ వచ్చింది. తాళానికి తగ్గట్టు బటన్లు నొక్కవలసిన సంగీత ఆటల్లో ఇది మొదట బయటపడింది. 2008లో వచ్చిన ‘రాక్ బ్యాండ్ 2’ గిటార్ కంట్రోలర్‌లో కాంతి సెన్సర్‌ను, మైకును అమర్చి, టీవీ ఎంత ఆలస్యం చేస్తోందో ఆటే కొలుచుకునే ఏర్పాటు చేశారు. టీవీ కంపెనీలు గేమ్ మోడ్‌ను ప్రత్యేక పిక్చర్ మోడ్‌గా ఇవ్వడం మామూలైంది కూడా ఈ దశలోనే. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వచ్చాక (ప్లేస్టేషన్ 5 భారత్‌కు 2021 ఫిబ్రవరిలో వచ్చింది) 4కే తెర మీద సెకనుకు 120 ఫ్రేములు ఇంటి టీవీకి చేరడం మొదలైంది.

టీవీ లోపల ఆలస్యం పుట్టే తీరు

హెచ్‌డీఎంఐ పోర్టులో దిగిన సిగ్నల్ నేరుగా తెరకు పోదు. మన ఇళ్లలో టీవీ ఎక్కువ గంటలు పనిచేసేది కేబుల్ లేదా డీటీహెచ్ పెట్టెతో. ఆ పెట్టెలు పంపే చానెళ్లలో చాలావాటి బొమ్మ బాగా కుదించినదై ఉంటుంది. ఒక ఫ్రేములో బేసి గీతలు, మరుసటి దాంట్లో సరి గీతలు వచ్చే ఇంటర్లేస్డ్ పద్ధతి కూడా ఇంకా వాడుకలో ఉంది. ఆ గీతలను కలపాలి, మచ్చలు తుడవాలి, చిన్న బొమ్మను 4కే కొలతకు పెంచాలి, అంచులకు పదును పెట్టాలి. ఈ పనుల్లో కొన్నింటికి ఒక్క ఫ్రేము చాలదు. ముందూ వెనకా ఉన్న ఫ్రేములను కూడా పోల్చి చూడాలి. అంటే టీవీ కొన్ని ఫ్రేములను మెమరీలో ఆపుకుని, తరువాతివి వచ్చేదాకా ఎదురుచూస్తుంది.

సెకనుకు 60 ఫ్రేములు వచ్చేటప్పుడు ఒక్కో ఫ్రేము వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. నాలుగు ఫ్రేములు ఆపితే 67 మిల్లీసెకన్లు పోయినట్టే. సాధారణ పిక్చర్ మోడ్‌లో చాలా టీవీల జాప్యం 50 నుంచి 150 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. ఈ జాప్యాన్ని ‘రెస్పాన్స్ టైమ్’తో కలగాపులగం చేయకూడదు. ఒక పిక్సెల్ ఒక రంగు నుంచి మరో రంగుకు మారడానికి పట్టే సమయం రెస్పాన్స్ టైమ్. అది ఎక్కువైతే కదిలే వస్తువు వెనక తోకలాంటి మసక కనిపిస్తుంది, అంతే తప్ప చేతికీ తెరకూ మధ్య దూరం పెరగదు. అమ్మకపు పెట్టెల మీద అచ్చువేసే చిన్న మిల్లీసెకన్ల అంకె సాధారణంగా ఈ రెండోదే.

గేమ్ మోడ్

పై పనుల్లో తప్పనిసరి కానివాటిని పక్కన పెట్టి, వచ్చిన ఫ్రేమును వీలైనంత త్వరగా తెరకు పంపే పిక్చర్ మోడ్ ఇది. కన్సోల్, కంప్యూటర్ పంపే బొమ్మలో మచ్చలు లేవు, ఇంటర్లేసింగ్ లేదు, కొలత చాలాసార్లు తెరకు సరిపడేదే. కాబట్టి తుడిచే పనులు మానేసినా బొమ్మకు వచ్చే నష్టం స్వల్పం. మంచి టీవీల్లో 60 హెర్ట్జ్ దగ్గర గేమ్ మోడ్ జాప్యం 10 నుంచి 20 మిల్లీసెకన్లకు, 120 హెర్ట్జ్ దగ్గర అందులో సుమారు సగానికి దిగుతుంది. 60 హెర్ట్జ్‌లో ఇది ఎనిమిది మిల్లీసెకన్లకంటే కిందికి పెద్దగా దిగదు. తెర పై అంచు నుంచి గీయడం మొదలుపెట్టి మధ్యకు వచ్చేసరికే అర ఫ్రేము వ్యవధి గడిచిపోతుంది. కొలతలు సాధారణంగా తెర మధ్యనే తీస్తారు.

హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణంతో పాటు వచ్చిన ఆటో లో లేటెన్సీ మోడ్ వల్ల ఆట మొదలవగానే కన్సోలే టీవీని గేమ్ మోడ్‌లోకి మార్చగలదు. ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, వన్ ఎక్స్ కన్సోళ్లకు ఈ సదుపాయం 2018లో అందింది. ఒకే టీవీ మీద ఇంట్లో ఒకరు సీరియల్ చూస్తే మరొకరు ఆడే చోట ఇది నిజంగా అక్కరకొస్తుంది. ఈ సదుపాయం లేని టీవీల్లో కూడా చాలావరకు పిక్చర్ మోడ్‌ను ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి. కన్సోల్ ఉన్న పోర్టుకు గేమ్ మోడ్ పెట్టి వదిలేస్తే డీటీహెచ్ పెట్టె ఉన్న పోర్టు తన పాత అమరికతోనే ఉంటుంది.

గేమ్ మోడ్ పెట్టగానే బొమ్మ నీలంగా, మొరటుగా మారిందని చాలామంది దాన్ని తీసేస్తుంటారు. అది గేమ్ మోడ్ స్వభావం కాదు. ఫ్యాక్టరీలో ఆ మోడ్‌కు చల్లని రంగు, ఎక్కువ షార్ప్‌నెస్ పెట్టి పంపడం వల్ల వచ్చిన తేడా మాత్రమే. రంగు ఉష్ణోగ్రతను ‘వార్మ్’ వైపు జరిపి, షార్ప్‌నెస్‌ను అక్షరాల చుట్టూ తెల్లని అంచు మాయమయ్యేదాకా తగ్గిస్తే సరిపోతుంది. ఈ రెండు మార్పులూ జాప్యాన్ని పెంచవు.

మోషన్ స్మూతింగ్

రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును టీవీయే ఊహించి చొప్పించే ప్రక్రియ ఇది. సోనీ దీన్ని Motionflow అంటుంది, ఎల్‌జీ TruMotion అంటుంది, శాంసంగ్ చాలా మోడళ్లలో Auto Motion Plus లేదా Picture Clarity అంటుంది. సెకనుకు 24 ఫ్రేములు ఉండే సినిమాను ఇది నున్నగా కదిలేలా చేస్తుంది.

ఆటకు ఇది పనికిరాకపోవడానికి కారణం ప్రక్రియలోనే ఉంది. మొదటి ఫ్రేముకూ రెండో ఫ్రేముకూ మధ్య ఒకదాన్ని తయారుచేయాలంటే రెండోది చేతికి వచ్చి ఉండాలి. అది వచ్చేదాకా మొదటిదాన్ని ఆపాలి. ఎంత వేగవంతమైన చిప్ పెట్టినా ఈ ఎదురుచూపు తప్పదు. దానికి తోడు లెక్కకట్టే సమయం ఒకటి. బొమ్మలో కూడా తప్పులు వస్తాయి. ఆటలో వెనక దృశ్యం వేగంగా తిరుగుతుంటే తెర మూలన ఉన్న మ్యాపు, ప్రాణం మీటరు, స్కోరు అంకెలు కదలకుండా ఉంటాయి. కదిలేదానికీ కదలనిదానికీ సరిహద్దులో టీవీ ఊహ తప్పి, అంకెల చుట్టూ నీళ్లలో చూసినట్టు వణుకు కనిపిస్తుంది. ఆ వణుకు కనిపించిందంటే మోషన్ స్మూతింగ్ ఇంకా నడుస్తున్నట్టే. గేమ్ మోడ్ సాధారణంగా దీన్ని దానంతటదే ఆపేస్తుంది. కొన్ని టీవీల్లో మాత్రం గేమ్ మోడ్ లోపలే తక్కువ జాప్యంతో పనిచేసే స్మూతింగ్ మరొకటి ఉంటుంది, శాంసంగ్‌లోని Game Motion Plus అలాంటిది. నెమ్మదైన కథాప్రధాన ఆటల్లో దాన్ని వాడుకోవచ్చు. ఎదుటి ఆటగాడితో పోటీపడే ఆటల్లో ఆపి ఉంచడమే సరైనది.

హెచ్‌డీఎంఐ సామర్థ్యం

హెచ్‌డీఎంఐ ప్రమాణం 2002 డిసెంబరులో మొదలైంది. ఆటకు సంబంధించినంతవరకు గుర్తుంచుకోవలసిన మెట్లు మూడు. 2009 నాటి 1.4 సెకనుకు 10.2 గిగాబిట్లు మోస్తుంది. 2013 నాటి 2.0 మోసేది 18. 2017 నవంబరు నాటి 2.1 గరిష్ఠంగా 48 మోయగలదు. ఈ అంకెలు ఎక్కడ సరిపోతాయో, ఎక్కడ చాలవో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 4కే బొమ్మలో కనిపించే పిక్సెళ్లు 3840×2160. గీతల మధ్య, ఫ్రేముల మధ్య వదిలే ఖాళీ సమయాన్ని కూడా కలిపితే సిగ్నల్ కొలత 4400×2250 అవుతుంది. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోదానికి 8 బిట్ల చొప్పున 24 బిట్లు. తీగ మీద ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు.

```
4400 × 2250 × 60 × 24 × 10/8 = 17.82 Gbps
```

హెచ్‌డీఎంఐ 2.0 హద్దు 18. అంటే 60 హెర్ట్జ్ 4కే పూర్తి రంగుతో అందులో అంచుదాకా నిండి కూర్చుంటుంది. హెచ్‌డీఆర్‌కు రంగుకు 10 బిట్లు కావాలంటే లెక్క 22.28కి పెరుగుతుంది, ఇక పట్టదు. అక్కడ ఏదో ఒకటి వదులుకోవాలి. సాధారణంగా వదులుకునేది రంగు సూక్ష్మత (చూ. క్రోమా సబ్‌శాంప్లింగ్). 120 హెర్ట్జ్‌లో 10 బిట్ల పూర్తి రంగు కావాలంటే 2.1 పద్ధతిలో దాదాపు 40 గిగాబిట్లు పడుతుంది. ప్లేస్టేషన్ 5 పంపగలిగేది 32 మాత్రమే. అందుకే ఆ కన్సోల్ 4కే 120 హెర్ట్జ్ హెచ్‌డీఆర్‌లో రంగును కొంత తగ్గించి పంపుతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 40 దాకా పంపగలదు.

వెర్షన్ అంకె చూసి టీవీ కొనడం మోసపోవడానికి దగ్గరి దారి. 2.1 ప్రమాణంలోని 120 హెర్ట్జ్, వేరియబుల్ రిఫ్రెష్ రేట్, ఆటో లో లేటెన్సీ మోడ్ అన్నీ ఐచ్ఛికాలు. వాటిలో ఒక్కటి మాత్రమే ఉన్న టీవీ మీద కూడా 2.1 అని రాయవచ్చు. కొనేవారు అడగవలసిన ప్రశ్న వెర్షన్ గురించి కాదు. “4కే 120 హెర్ట్జ్ సిగ్నల్‌ను ఏ పోర్టు తీసుకుంటుంది, ఎన్ని పోర్టులు తీసుకుంటాయి?” అని అడగాలి. నాలుగు పోర్టులున్న చాలా టీవీల్లో అలాంటివి రెండే ఉంటాయి. సౌండ్‌బార్ పెట్టుకునే ఇఏఆర్‌సీ పోర్టు కూడా ఆ రెండింట్లో ఒకటై ఉండవచ్చు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసే ‘మోషన్ రేట్’ అంకె కూడా తెర అసలు వేగం కాదు. 60 హెర్ట్జ్ ప్యానెల్ మీద కూడా దాన్ని 120గానో 200గానో రాస్తుంటారు.

కేబుల్‌కు వెర్షన్ ఉండదు, తరగతి ఉంటుంది. 18 గిగాబిట్లకు ‘ప్రీమియం హై స్పీడ్’, 48కి ‘అల్ట్రా హై స్పీడ్’. రెండో తరగతి కేబుల్ పెట్టె మీద ఫోనుతో స్కాన్ చేసి సరిచూసుకునే గుర్తింపు లేబుల్ ఉంటుంది. కేబుల్ చాలకపోతే బొమ్మ మసకబారదు. 2.0 సిగ్నల్‌లో తెర మీద తెల్లని చుక్కలు మిణుకుమిణుకుమంటాయి, లేదా తెర రెండు మూడు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది. ఆ లక్షణాలు లేకుండా బొమ్మ మసకగా ఉంటే కేబుల్ మార్చి లాభం లేదు, లోపం వేరేచోట ఉంది.

క్రోమా సబ్‌శాంప్లింగ్

మనిషి కన్ను వెలుగు తేడాలను పట్టుకున్నంత సూక్ష్మంగా రంగు తేడాలను పట్టుకోలేదు. ముగ్గు వేసేవారు పిండి గీతను సన్నగా, కచ్చితంగా లాగి, రంగును లోపల గుప్పిళ్లతో నింపినా దూరం నుంచి బొమ్మ చక్కగానే కనిపిస్తుంది. వీడియో సిగ్నల్ కూడా వెలుగును ప్రతి పిక్సెల్‌కూ పంపి, రంగును మాత్రం కొన్ని పిక్సెళ్లకు కలిపి పంపగలదు. నాలుగు పిక్సెళ్ల వెడల్పు, రెండు వరసల ఎత్తు ఉన్న గడిని తీసుకుంటే, 4:4:4లో ఎనిమిది పిక్సెళ్లకూ దేని రంగు దానిదే. 4:2:2లో అడ్డంగా పక్కపక్కనున్న రెండేసి పిక్సెళ్లు ఒకే రంగును పంచుకుంటాయి. 4:2:0లో రెండు అడ్డం, రెండు నిలువు కలిపి నాలుగు పిక్సెళ్లకు ఒకే రంగు. డీటీహెచ్, ఓటీటీ, బ్లూరే అన్నీ 4:2:0లోనే వస్తాయి, అందులో లోపం ఎవరికీ కనిపించదు.

కంప్యూటర్ తెరలో మాత్రం కనిపిస్తుంది, ఎందుకంటే అక్షరం గీత ఒకటి రెండు పిక్సెళ్ల మందమే. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం వెలుగు తేడాతో ఏర్పడుతుంది కాబట్టి 4:2:0లో కూడా దాదాపు చెక్కుచెదరదు. నీలం నేల మీద ఎర్ర అక్షరమైతే వెలుగు తేడా తక్కువ, రంగు తేడా ఎక్కువ. అక్కడ అక్షరం అలుక్కుపోయి, అంచులు మురికిగా కనిపిస్తాయి. సోఫాలో కూర్చుని ఆడే కన్సోల్ ఆటలో 4:2:2కూ 4:4:4కూ తేడా కనిపెట్టడం చాలా కష్టం. ప్లేస్టేషన్ 5 విషయంలో దాని గురించి దిగులుపడనవసరం లేదు. టీవీని బల్ల మీద పెట్టుకుని దగ్గరగా కూర్చుని, ఆటతో పాటు అక్షరాలు కూడా చదివేవారికే ఇది పట్టించుకోవలసిన సంగతి.

ఇందులో ఒక చిక్కు ఉంది. చాలా టీవీల్లో 4కే పోర్టు కొత్తగా పెట్టెలోంచి తీసినప్పుడు తక్కువ సామర్థ్యపు అమరికలో ఉంటుంది. పాత పెట్టెలతో ఇబ్బంది రాకుండా కంపెనీలు అలా పెడతాయి. ఆ అమరికలో 60 హెర్ట్జ్ 4కే సిగ్నల్ 8 బిట్ల 4:2:0గా వెళ్లగలదు. దానికి పట్టేది 8.91 గిగాబిట్లే, అంటే పాత 1.4 హద్దులో కూడా ఇమిడిపోతుంది. కంప్యూటర్ ‘3840 × 2160, 60 Hz’ అని చూపుతుంది, టీవీ కూడా అదే చూపుతుంది. వాడేవారు అంతా సరిగ్గానే ఉందనుకుంటారు. రంగులో ముప్పాతిక భాగం దారిలోనే పోయిందన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనిపించదు. పైకి తెలిసే ఒక ఆనవాలు హెచ్‌డీఆర్ ఎంపిక కనిపించకపోవడం. 10 బిట్ల 4:2:0కి 11.14 గిగాబిట్లు కావాలి, అది 10.2లో పట్టదు.

ఒక అమరిక, ఆరంభం నుంచి

హాల్లో 43 అంగుళాల 4కే, 60 హెర్ట్జ్ టీవీ ఉందనుకుందాం. పోర్టులు హెచ్‌డీఎంఐ 2.0వి. మొదటి పోర్టులో డీటీహెచ్ పెట్టె ఉంది. రెండో పోర్టుకు ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న విండోస్ 11 కంప్యూటర్‌ను కలిపారు. బొమ్మ వచ్చింది, కానీ ఆట మెనూల్లోని రంగు అక్షరాలు మసకగా ఉన్నాయి, మౌస్ బాణం చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తోంది.

ముందుగా రెండో పోర్టు సామర్థ్యాన్ని పెంచాలి. దీన్ని సోనీ టీవీల్లో HDMI signal format కింద Enhanced format అంటారు. ఎల్‌జీలో HDMI Ultra HD Deep Colour, శాంసంగ్‌లో Input Signal Plus. ఇది మార్చగానే తెర ఒకసారి నల్లబడి తిరిగి వస్తుంది. టీవీ తన సామర్థ్యాల పట్టికను కంప్యూటర్‌కు మళ్లీ చదివి వినిపించిందని దానర్థం.

తరువాత కంప్యూటర్ ఏం పంపుతోందో చూడాలి. విండోస్‌లో Settings, System, Display, Advanced display వరుసలో వెళితే Color format, Bit depth కనిపిస్తాయి. అక్కడ YCbCr420 అని ఉంటే సమస్య తేలినట్టే. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లోని Change resolution పేజీలో Use NVIDIA color settings ఎంచుకుని, Output color format దగ్గర RGB, Output color depth దగ్గర 8 bpc, Output dynamic range దగ్గర Full పెట్టాలి. ఇప్పుడు తీగ మీద వెళ్లేది ముందు లెక్కగట్టిన 17.82 గిగాబిట్ల సిగ్నల్.

ఇంత చేశాక కూడా ఎర్ర అక్షరం మసకగానే ఉండవచ్చు. కంప్యూటర్ పూర్తి రంగు పంపినా, టీవీ తన చిత్ర సంస్కరణ సౌలభ్యం కోసం లోపల దాన్ని 4:2:2గా కుదించుకోవడం మామూలే. ఎల్‌జీ, శాంసంగ్ టీవీల్లో ఆ పోర్టు పేరును లేదా గుర్తును PCగా మారిస్తే ఈ కుదింపు ఆగిపోతుంది. సోనీలో Graphics లేదా Game పిక్చర్ మోడ్ ఆ పని చేస్తుంది. పేరు మార్చితే బొమ్మ మారుతుందని ఎవరూ ఊహించరు గనుక చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇప్పుడు గేమ్ మోడ్ పెట్టి, మోషన్ స్మూతింగ్ ఆగిందో లేదో మెనూలో చూసి, మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పాలి. ఈడ్పు పోయినట్టు వెంటనే తెలుస్తుంది. ఆ పైన తెర అంచులు. డెస్క్‌టాప్ కింది పట్టీ సగం తెగిపోయి కనిపిస్తే టీవీ బొమ్మను కొద్దిగా సాగదీస్తోందని అర్థం. Just Scan, Screen Fit లాంటి పేరుతో ఉన్న అమరిక పిక్సెల్‌కు పిక్సెల్ కూర్చోబెడుతుంది. ఇది సరికాకపోతే పైన చేసిందంతా వృథా, ఎందుకంటే సాగదీసిన బొమ్మలో ఏ అక్షరమూ పదునుగా ఉండదు. చివరిగా నలుపు. చీకటి గదుల్లో ఏమీ కనిపించకుండా నల్లగా పూసినట్టు ఉంటే కంప్యూటర్ Full పంపుతుంటే టీవీ Limited అనుకుంటోంది. నలుపంతా బూడిద రంగులో ఉంటే దానికి తలకిందులు. టీవీలోని బ్లాక్ లెవెల్ అమరికతో రెండింటినీ కలపాలి.

ఈ టీవీలో హెచ్‌డీఆర్ ఆట ఆడాలంటే రెండు దారులు. 10 బిట్ల రంగు కావాలంటే 4:2:2కు మారాలి. RGBలోనే ఉంటే విండోస్ 8-bit with dithering అని చూపి, మిగతా రెండు బిట్ల పనిని చుక్కల కలయికతో నెట్టుకొస్తుంది. ఆట దృశ్యాల్లో ఈ రెండింటి మధ్య తేడా స్వల్పం, అక్షరాలు మాత్రం రెండో దారిలోనే పదునుగా ఉంటాయి. అదే కంప్యూటర్‌తో పనీ ఆటా రెండూ సాగించేవారికి రెండో దారి మేలు.

పరీక్ష, కొలత

రంగు సిగ్నల్‌ను పరీక్షించడానికి ప్రత్యేక సామగ్రి అక్కర్లేదు. పెయింట్ ప్రోగ్రాంలో నీలం నేల మీద చిన్న ఎర్ర అక్షరాలు, పక్కనే తెల్లని నేల మీద నల్ల అక్షరాలు రాసి, 100 శాతం జూమ్‌లో దగ్గరగా చూడాలి. ఎర్రవి అలుక్కుపోయి నల్లవి శుభ్రంగా ఉంటే అది సబ్‌శాంప్లింగ్. నల్ల అక్షరాల అంచుల్లోనే ఎర్ర, నీలి ఛాయలు కనిపిస్తే కారణం వేరు. కొన్ని టీవీ ప్యానెళ్లలో ఎరుపు, పచ్చ, నీలం చుక్కలు మానిటర్లలో కంటే తిరగేసిన వరుసలో ఉంటాయి. విండోస్‌లోని ClearType అమరికను ఆ వరుసకు తగ్గట్టు సరిచేస్తే చాలావరకు తగ్గుతుంది. అక్షరాల చుట్టూ అదనపు అంచు గీత కనిపిస్తే అది షార్ప్‌నెస్.

జాప్యాన్ని ఫోను స్లో మోషన్ కెమెరాతో కొలవవచ్చు. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనులో ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. కంట్రోలర్ బటన్, టీవీ తెర రెండూ ఒకే చిత్రంలో పడేలా పెట్టి, బటన్ కిందికి దిగిన ఫ్రేము నుంచి తెర మీద పాత్ర కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. సాధారణ మోడ్‌లో 40 ఫ్రేములు, గేమ్ మోడ్‌లో 22 ఫ్రేములు వచ్చాయనుకుంటే, తేడా 18 ఫ్రేములు, అంటే 75 మిల్లీసెకన్లు. మిగిలిన 22 ఫ్రేముల్లో కంట్రోలర్, ఆట ప్రోగ్రాం తీసుకునే సమయం కూడా కలిసి ఉంటుంది కాబట్టి దాన్నంతా టీవీ ఖాతాలో వేయకూడదు. ఈ పద్ధతి రెండు అమరికల తేడా చెప్పడానికే నమ్మదగినది. ఆట ఫ్రేము వేగం నిలకడగా ఉన్నచోటనే, పలుమార్లు తీసి సగటు చూడాలి.

కన్సోళ్లు తాము పంపే సిగ్నల్ వివరాలను తెరమీదే చూపుతాయి. ప్లేస్టేషన్ 5లో Screen and Video కింద ప్రస్తుత సిగ్నల్ కొలత, వేగం, RGBనా YUV422నా అన్నది ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో 4K TV details పేజీ ఏ వేగం దగ్గర ఏది పట్టలేదో ఒక్కో వరుసలో చెబుతుంది. టీవీ అన్నీ తీసుకోగలిగినా ఆ పేజీలో 120 హెర్ట్జ్ రాలేదంటే మధ్యలో ఉన్న సౌండ్‌బార్‌నో ఆడియో రిసీవర్‌నో అనుమానించాలి. దాని గుండా వెళ్లే సిగ్నల్‌కు దాని సామర్థ్యమే హద్దు. కన్సోల్‌ను నేరుగా టీవీకి కలిపి, శబ్దాన్ని మాత్రం ఇఏఆర్‌సీ ద్వారా వెనక్కి పంపితే ఈ అడ్డు తొలగుతుంది.

పరిమితులు

అన్నీ సరిచేసినా టీవీ కొన్ని విషయాల్లో మానిటర్‌కు సమానం కాదు. 43 అంగుళాల 4కే తెరలో అంగుళానికి సుమారు 102 పిక్సెళ్లు ఉంటాయి, 55 అంగుళాల దాంట్లో 80. బల్ల దూరంలో కూర్చుంటే 55 అంగుళాల తెర మీద అక్షరపు మెట్లు కంటికి కనిపిస్తాయి. గేమ్ మోడ్‌లో కొన్ని ఎల్ఈడీ టీవీలు వెనక దీపాల నియంత్రణను మొరటుగా చేస్తాయి, చీకటి దృశ్యంలో వెలిగే వస్తువు చుట్టూ కాంతి వలయం పెరుగుతుంది. ఓఎల్ఈడీ తెరల్లో వేరియబుల్ రిఫ్రెష్ రేట్ నడుస్తున్నప్పుడు, ఆట వేగం పదేపదే మారితే ముదురు బూడిద రంగు భాగాలు మినుకుమినుకుమంటాయి. అలాంటి ఆట ఆడేంతసేపు ఆ సదుపాయాన్ని ఆపేయడం దానికి తేలికైన ఉపాయం. గంటల తరబడి ఒకేచోట ఉండే స్కోరు పట్టీ, డెస్క్‌టాప్ కింది పట్టీ ఓఎల్ఈడీ మీద శాశ్వత ముద్ర వదిలే ప్రమాదమూ ఉంది. కింది పట్టీని దానంతటదే దాగేలా పెట్టుకోవడం, తెర వెలుగును తగ్గించుకోవడం ఆ ప్రమాదాన్ని తగ్గిస్తాయి గానీ పూర్తిగా పోగొట్టవు.